గది అడిగే ఉత్తరంలో గంటల లెక్క
చదువులో వెనకబడిన పిల్లల కోసం రిసోర్స్ రూమ్: చట్టం, పరిశోధన, ఆచరణ మీద ఒక సమీక్ష

"మా తరగతిలో కొందరు విద్యార్థులు చదవడం, రాయడంలో బాగా వెనకబడి ఉన్నారు. వారికోసం ఒక ప్రత్యేక గది కేటాయించవలసిందిగా ప్రార్థన." ప్రైవేటు బడుల్లో టీచర్లు యాజమాన్యానికి ఇచ్చే ఉత్తరాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. కరస్పాండెంట్ చదివి "చూద్దాం" అంటారు, ఉత్తరం ఫైల్లోకి వెళ్తుంది. ఆయనకు పిల్లల మీద ప్రేమ లేదని కాదు. ఉత్తరం చదివాక ఆయన మనసులో నాలుగు ప్రశ్నలు మిగులుతాయి: ఎంతమంది పిల్లలు? ఇది మనం తప్పనిసరిగా చేయాల్సిందేనా? చేస్తే ఫలితం ఉంటుందా? ఎవరు చెబుతారు, ఏ పీరియడ్‌లో చెబుతారు? వీటిలో ఒక్కదానికీ ఉత్తరంలో జవాబు దొరకదు.

ఆ నాలుగు ప్రశ్నల మీద ఇప్పటికి తెలిసిందేమిటో ఒకచోట చేర్చి, దాని ఆధారంగా ఉత్తరం ఎలా రాయాలో చూపడం ఈ వ్యాసం పని. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గుర్తింపు పొందిన ప్రైవేటు ప్రాథమిక, ప్రాథమికోన్నత బడులను దృష్టిలో పెట్టుకున్నాను. ప్రభుత్వ బడుల పరిస్థితి వేరు. అక్కడ సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు, వాటిలో రిసోర్స్ టీచర్లు ఉన్నారు. ప్రైవేటు బడిలో అలాంటి ఏర్పాటు కావాలంటే యాజమాన్యమే పూనుకోవాలి.

ఆ గది ఎక్కడి నుంచి వచ్చింది

రిసోర్స్ రూమ్ అంటే వెనకబడిన పిల్లల తరగతి అనుకునేవాళ్లు చాలామంది. దాని పుట్టుక చూస్తే వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. అమెరికాలో 1960ల దాకా చదువు అందుకోలేని పిల్లలను విడిగా ప్రత్యేక తరగతుల్లో కూర్చోబెట్టేవారు. 1968లో లాయిడ్ డన్ అనే విద్యావేత్త ఆ పద్ధతిని నిలదీస్తూ ఒక వ్యాసం రాశాడు. ఈ పిల్లల్లో చాలామందిని విడిగా ఉంచడానికి తగిన కారణం లేదన్నది ఆయన వాదన. పిల్లలు మామూలు తరగతిలోనే ఉండి, రోజుకు ఒకటి రెండు పీరియడ్లు మాత్రం ప్రత్యేక శిక్షణ ఉన్న టీచరు దగ్గరికి వెళ్లి రావాలన్న ఆలోచన ఆ తర్వాతి సంవత్సరాల్లో బలపడింది. అంటే పిల్లలను తరగతిలో నిలబెట్టడానికి పుట్టిన గది ఇది.

మన దేశంలోనూ దారి దాదాపు ఇదే. 1974లో కేంద్రం వికలాంగ బాలల సమీకృత విద్యా పథకం మొదలుపెట్టింది. 1982లో ఆ పథకం విద్యాశాఖ చేతికి వచ్చింది. అంధ, బధిర బాలలను మామూలు బడుల్లో చదివించడానికి రిసోర్స్ టీచరు, రిసోర్స్ రూమ్ అనే ఏర్పాటు దానితోనే మన బడులకు పరిచయమైంది. అయితే చూపు, వినికిడి బాగానే ఉండి, తెలివితేటలూ ఉండి, అక్షరం దగ్గర మాత్రం ఆగిపోయే పిల్లలు చాలాకాలం చట్టం కంట పడలేదు. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన 7 వైకల్యాల్లో ఈ ఇబ్బంది లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ జాబితాను 21కి పెంచి, అందులో నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని చేర్చింది. డిస్‌లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్కులియా వంటివి దాని కిందికి వస్తాయి.

చట్టం అడిగేది ఎంత

ఇక్కడే టీచర్లు ఉత్తరంలో తొందరపడతారు. "చట్టప్రకారం రిసోర్స్ రూమ్ తప్పనిసరి" అని రాసేస్తారు. యాజమాన్యం తమ లాయరును అడిగితే ఆ వాక్యం నిలవదు, దానితోపాటు ఉత్తరం మొత్తం పలచబడిపోతుంది.

2016 చట్టంలోని 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులు పొందే బడులకే కాక ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులకూ వర్తిస్తుంది. కాబట్టి ప్రైవేటు బడి దీని పరిధిలోనిదే. వివక్ష లేకుండా చేర్చుకోవడం, పిల్లవాడి అవసరానికి తగిన సర్దుబాట్లు చేయడం, విడిగా తోడ్పాటు అందించడం, అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధనా చర్యలు తీసుకోవడం, ప్రతి పిల్లవాడి ప్రగతిని గమనిస్తూ ఉండడం అందులోని బాధ్యతలు. "రిసోర్స్ రూమ్" అన్న మాట ఆ సెక్షన్‌లో లేదు. తగినన్ని రిసోర్స్ సెంటర్లు నెలకొల్పే పని 17వ సెక్షన్ ప్రభుత్వాల మీద పెట్టింది. అంటే గది కట్టి తీరాలని చట్టం బడిని అడగదు. గుర్తించారా, విడిగా తోడ్పడ్డారా, ప్రగతి రాసి పెట్టారా అని అడుగుతుంది. ఆ మూడు పనులూ మా బడిలో జరగడానికి రిసోర్స్ రూమ్ అనువైన మార్గం అని రాస్తే అది నిజం, ఎవరూ కొట్టిపారేయలేరు.

సీబీఎస్‌ఈ అనుబంధ బడి అయితే ఉత్తరానికి ఇంకో బలం ఉంది. స్పెషల్ ఎడ్యుకేటర్‌ను నియమించుకోవడం అక్కడ అనుబంధ నిబంధనల్లోనే ఉంది. ఇక 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో స్పెషల్ టీచర్ల నిష్పత్తిని నిర్ణయించి ప్రకటించాలని సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై స్థాయిలో పదిహేనుమందికి ఒకరు చొప్పున టీచరు ఉండాలన్నది ఆ తర్వాత 2022లో కేంద్రం ప్రకటించిన లెక్క. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు ఈ అంకె పనికొస్తుంది. ఒక్క టీచరుకు నలభైమందిని అప్పగించి "రిసోర్స్ రూమ్ పెట్టాం" అనడానికి వీలుండదు.

సర్టిఫికెట్ సంగతి కూడా స్పష్టంగా ఉండాలి. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అభ్యసన వైకల్య ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు. పద్నాలుగో ఏట, పద్దెనిమిదో ఏట మళ్లీ పరీక్షించాలి. పరీక్షల్లో గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం, చదివిపెట్టే లేదా రాసిపెట్టే మనిషి వంటి వెసులుబాట్లకు ఆ కాగితం కావాలి. బడిలో చదువు చెప్పడానికి అక్కర్లేదు. కాగితం వచ్చేదాకా ఆగుదాం అంటే రెండో తరగతిలో దొరకాల్సిన సాయం నాలుగో తరగతికి గానీ అందదు.

ఫలితం ఉంటుందా

ఈ ప్రశ్నకు పరిశోధన ఇచ్చే జవాబు అవును అనే, కానీ షరతులున్నాయి. ఇంగ్లండ్‌లో ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ బోధనా పద్ధతుల మీద వచ్చిన అధ్యయనాలను కలిపి సగటు లెక్క తీస్తుంది. ఒక్కో పిల్లవాడికి విడిగా చెబితే ఏడాదిలో సుమారు 5 నెలల అదనపు ప్రగతి, చిన్న బృందంగా చెబితే సుమారు 4 నెలలు అని ఆ సంస్థ అంచనా. రెంటికీ తేడా కొద్దిపాటిదే. ఒక్కొక్కరికి చెప్పడానికయ్యే ఖర్చుతో ముగ్గురికి చెప్పవచ్చు కాబట్టి, మన బడులకు ముగ్గురు నలుగురి బృందమే సరిపడే కొలత. ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు మాట్లాడే దేశాలవి. దిశ తెలుసుకోవడానికి వాటిని వాడుకోవాలి గానీ, మన పిల్లలూ సరిగ్గా నాలుగు నెలలు ముందుకు వెళ్తారని యాజమాన్యానికి మాట ఇవ్వకూడదు.

ఎవరు చెబుతున్నారన్నది రెండో షరతు. ఇంగ్లండ్, వేల్స్ బడుల్లో 2003 నుంచి 2008 దాకా సాగిన ఒక పెద్ద అధ్యయనం సహాయక సిబ్బంది పాత్రను పరిశీలించింది. సహాయకుల తోడు ఎక్కువగా దొరికిన పిల్లలే తక్కువ ప్రగతి చూపారని తేలింది. పిల్లల స్థాయిలోని తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఫలితం మారలేదు. శిక్షణ లేని సహాయకులు పని పూర్తి చేయించడం మీద దృష్టి పెట్టారు, అసలు టీచరుతో ఆ పిల్లలు గడిపే సమయం తగ్గింది. మన దగ్గర "ఖాళీగా ఉన్న ఆయమ్మనో, కొత్తగా చేరిన డిగ్రీ అమ్మాయినో కూర్చోబెడదాం" అనే మాట వచ్చినప్పుడు గుర్తు చేయాల్సింది దీన్నే.

మూడోది సామగ్రి గురించి. రిసోర్స్ రూమ్ అనగానే రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు, ఖరీదైన కిట్లు అమ్మేవాళ్లు వాలిపోతారు. డిస్‌లెక్సియాకు రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు పనిచేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం కంటి వైద్యుల సంఘాలతో కలిసి 2009లోనే ప్రకటించింది. చూస్తూ, వింటూ, చేత్తో రాస్తూ నేర్పే ఆర్టన్–గిల్లింగ్‌హామ్ పద్ధతికి పేరు చాలా ఉంది. 2021లో వచ్చిన ఒక సమగ్ర సమీక్షలో దాని ఫలితం మంచి వైపే కనిపించినా, గణాంకపరంగా గట్టిగా నిలవలేదు. ధ్వనికీ అక్షరానికీ ఉన్న సంబంధాన్ని తేలిక నుంచి కష్టానికి వరసగా, నేరుగా నేర్పడమే అన్ని మంచి పద్ధతుల్లోనూ ఉమ్మడిగా కనిపించే సారం. దానికి అక్షరాల కార్డులు, ఇసుక పళ్లెం, తెల్లబోర్డు, స్థాయిని బట్టి ఎంచిన కథల పుస్తకాలు చాలు.

ఎవరు వెళ్లాలి

ఉత్తరం బలమంతా ఈ భాగంలో ఉంది. "వెనకబడిన పిల్లలు" అనే మాట కింద కనీసం నాలుగు రకాల పిల్లలు ఉంటారు: కన్నో చెవో సరిగా లేనివాళ్లు, వలస వల్లో జబ్బు వల్లో నెలల తరబడి బడికి రానివాళ్లు, తెలుగు ఇంటి నుంచి వచ్చి ఇంగ్లీషు మీడియంలో భాషే అందనివాళ్లు, నిజంగా అక్షరాన్ని ధ్వనిగా మార్చడం దగ్గర ఆగిపోయినవాళ్లు. నలుగురినీ ఒకే గదిలోకి పంపితే ముగ్గురికి తప్పుడు వైద్యం జరుగుతుంది.

మొదటి ఇద్దరినీ విడదీయడం తేలిక: కంటి పరీక్ష, వినికిడి పరీక్ష, హాజరు పట్టీ. మూడో, నాలుగో రకాలను విడదీయడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చెప్పిన సూత్రం దీనికి ఆధారం: చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాలను మాటగా మార్చగలగడం, ఆ మాట వింటే అర్థం కావడం, ఈ రెండూ కలవడమే. ఒక చిన్న తెలుగు కథను పిల్లవాడికి చదివి వినిపించి మూడు ప్రశ్నలు అడగండి. తర్వాత అదే స్థాయి కథను వాడిచేత చదివించండి. ఇంగ్లీషులోనూ ఇలాగే చేయండి. విన్న తెలుగు కథకు టకటకా జవాబులు చెప్పి, చదవమంటే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ కథ మరిచిపోతే, ఇబ్బంది అక్షరం దగ్గర ఉంది. వాడికి రిసోర్స్ రూమ్ కావాలి. తెలుగు చక్కగా చదివి, ఇంగ్లీషు కథను వినిపించినా అర్థం కాక బిక్కమొహం వేస్తే, ఇబ్బంది భాషతో పరిచయం లేకపోవడం. వాడికి తరగతిలోనే ఇంగ్లీషు మాట్లాడే, వినే అవకాశం పెరగాలి. వాడికి "డిస్‌లెక్సియా" అని పేరు పెడితే అన్యాయం.

చదివించేటప్పుడు తప్పులను ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలి. తెలుగు లిపిలో తప్పులకు ఒక తీరు ఉంటుంది. "మేక"ను "యేక" అన్నవాడు మ, య ఆకారాల దగ్గర తికమక పడుతున్నాడు. "గాలి"ని "గలి" అన్నవాడికి దీర్ఘం పట్టడం లేదు. "పుస్తకం"ను "పుసకం" అన్నవాడు ఒత్తు వదిలేస్తున్నాడు. ఒత్తుల్లోనూ తేడా ఉంది. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే కనిపిస్తాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలి ఉండవు, వాటిని విడిగా నేర్పాల్సిందే. ఇరవై మాటల తప్పులు ఇలా రాసుకుంటే మొదటి నెల పాఠం దానంతట అదే తేలుతుంది. ఉత్తరానికి ఇలాంటి ఒక్క పేజీ నమూనా జతచేస్తే, "మందబుద్ధి" అన్న మాట కార్యాలయంలో మళ్లీ వినపడదు.

తెలుగులో కొలిచేటప్పుడు ఇంకొక జాగ్రత్త అవసరం. ఇంగ్లీషులో నిమిషానికి ఎన్ని మాటలు తప్పు లేకుండా చదివారో లెక్కిస్తారు. అమెరికాలో స్టాన్లీ డీనో బృందం 1970ల చివర్లో రూపొందించిన పద్ధతి ఇది. తెలుగులో మాటలు సమానంగా ఉండవు. "ఇల్లు" ఒక మాటే, "చదువుకుంటున్నప్పుడు" కూడా ఒక మాటే. మొదటిదానిలో అక్షరాలు రెండు, రెండోదానిలో ఎనిమిది. అందుకని తెలుగుకు నిమిషంలో సరిగ్గా పలికిన అక్షరాలను లెక్కించడం మేలు.

పీరియడ్ల లెక్క

ఒక బడిని ఊహించుకుని లెక్క వేద్దాం. రెండు నుంచి ఐదో తరగతి దాకా 210 మంది పిల్లలు. జులైలో క్లాస్ టీచర్లు 31 మంది పేర్లు ఇచ్చారు. కళ్లు, చెవులు, హాజరు చూశాక ఏడుగురికి కారణం వేరే అని తేలింది: నలుగురిని డాక్టరు దగ్గరికి పంపారు, ముగ్గురు నిరుడు చాలాకాలం బడికి రాలేదు. మిగిలిన 24 మందికి ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎనిమిది వారాలు తరగతిలోనే తోడ్పాటు ఇచ్చారు. ముందు బెంచీ, రోజూ పది నిమిషాలు జంట చదువు, రాత పని తగ్గింపు. తొమ్మిదిమంది పుంజుకున్నారు. పదిహేనుమంది మిగిలారు, కథ పరీక్షలో వీళ్ల ఇబ్బంది అక్షరం దగ్గరే అని తేలింది. రిసోర్స్ రూమ్ అడగాల్సింది ఈ పదిహేనుమంది కోసం.

ముగ్గురేసి చొప్పున ఐదు బృందాలు. ఒక్కో బృందానికి వారానికి నాలుగు పీరియడ్లు, మొత్తం ఇరవై. రోజుకు ఎనిమిది పీరియడ్లు, వారానికి ఆరు రోజులు పనిచేసే బడిలో 48 పీరియడ్లు ఉంటాయి. స్పెషల్ ఎడ్యుకేటర్‌కు 20 పీరియడ్లు గదిలో బోధన, 10 పీరియడ్లు పిల్లల సొంత తరగతుల్లో టీచరు పక్కన ఉండి చూడడం, 6 పీరియడ్లు పరీక్షలు, రికార్డులు, తల్లిదండ్రులతో మాటలు. మిగిలిన పన్నెండూ తయారీకి, విశ్రాంతికి. తరగతుల్లో గడిపే ఆ పదీ కోసేస్తే గదిలో నేర్చుకున్నది గదిలోనే ఉండిపోతుంది.

ఏ పీరియడ్ నుంచి పంపాలన్నది బడుల్లో పెద్ద తగాదా. ఆటలు, డ్రాయింగు నుంచి పంపడం అందరికీ సులువు. పిల్లవాడికి బడిలో మిగిలిన కాస్త సంతోషమూ అక్కడే ఉంటుంది కాబట్టి వాడు గదిని శిక్షగా చూస్తాడు. లెక్కల నుంచి పంపితే ఉన్న వెనకబాటుకు కొత్త వెనకబాటు తోడవుతుంది. తెలుగు చదవడం నేర్పేటప్పుడు తెలుగు పీరియడ్ నుంచే పంపడం సరైన దారి. రెండో తరగతి తెలుగు రెండు సెక్షన్లకూ ఒకే పీరియడ్‌లో పెడితే ఒక బృందం ఒకేసారి బయటికి రాగలదు. అంటే రిసోర్స్ రూమ్ నిర్ణయం టైంటేబుల్ వేసే ఇన్‌ఛార్జి బల్ల మీద మొదలవ్వాలి. గది చూపించాక టైంటేబుల్ గురించి ఆలోచిద్దామంటే అప్పటికి పీరియడ్లన్నీ నిండిపోతాయి.

గది విషయం చిన్నదే. సగం తరగతి గది చాలు. మెట్లు ఎక్కలేని పిల్లలున్నా రాగలిగేలా కింది అంతస్తులో, వెలుతురు వచ్చేచోట, ఆఫీసుకూ స్టోరుకూ దూరంగా ఉండాలి. ఒక గుండ్రటి బల్ల, ఆరు కుర్చీలు, తెల్లబోర్డు, తాళం ఉన్న బీరువా. పెద్ద ఖర్చు జీతం. పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐలో నమోదైన స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలి. చిన్న బడి పూర్తి జీతం మోయలేకపోతే పక్క బడితో కలిసి చెరి మూడు రోజులు పంచుకోవచ్చు. అప్పుడు ఒక్కో బృందానికి వారానికి మూడు పీరియడ్లే కుదురుతాయని, ప్రగతి నెమ్మదిగా ఉంటుందని ముందే రాసుకోవాలి.

ఉత్తరం ఇలా ఉండవచ్చు

పై లెక్కలన్నీ చేతిలో ఉంటే ఉత్తరం పేజీన్నర దాటదు. పిల్లల పేర్లు ఉత్తరంలో ఉండకూడదు. అవి సీలు వేసిన జాబితాలో విడిగా, తల్లిదండ్రుల అంగీకారంతో ఇవ్వాలి.

"గౌరవనీయులైన కరస్పాండెంట్ గారికి,

విషయం: దసరా సెలవుల తర్వాత ప్రాథమిక తరగతులకు రిసోర్స్ రూమ్ ప్రారంభించడం గురించి.

ఆర్యా,

ఈ జులైలో రెండు నుంచి ఐదో తరగతి పిల్లలు 210 మందిలో 31 మంది చదవడంలో వెనకబడి ఉన్నట్టు మా టీచర్లు గుర్తించారు. చూపు, వినికిడి, హాజరు పరిశీలించి, ఎనిమిది వారాలు తరగతిలోనే తోడ్పాటు ఇచ్చిన తర్వాత 15 మంది ఇంకా అందుకోలేకపోతున్నారు. వీరు విన్న కథను అర్థం చేసుకుంటున్నారు, చదవలేకపోతున్నారు. వివరాలు, పేర్లు లేని చదువు నమూనాలు జతచేశాను.

అభ్యసన వైకల్యాలను త్వరగా గుర్తించి విడిగా తోడ్పడే బాధ్యతను దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ మన బడి మీద ఉంచింది. ఈ పిల్లలందరికీ వైకల్యం ఉందని నేను అనడం లేదు. అది తేల్చాల్సింది నిపుణులు. సాయం మాత్రం ఇప్పుడే అవసరం.

నా అభ్యర్థన మూడు విషయాలు. ఒకటి, ఆర్‌సీఐ నమోదు ఉన్న ఒక స్పెషల్ ఎడ్యుకేటర్. రెండు, ఐదు బృందాలకు వారానికి నాలుగేసి పీరియడ్లు టైంటేబుల్‌లో చేర్చడం, ఆ పీరియడ్లలో సబ్‌స్టిట్యూషన్ వేయకుండా ఉండడం. మూడు, కింది అంతస్తులో లైబ్రరీ పక్కన ఉన్న సగం గది. ఖర్చు అంచనా జతచేశాను.

సంక్రాంతి సెలవుల ముందు దాకా పన్నెండు వారాలు నడిపి, ప్రతి పిల్లవాడి ప్రగతి పట్టిక తమ ముందు ఉంచుతాను. లక్ష్యం అందుకున్న పిల్లలను తరగతికే పూర్తిగా పంపేస్తాం. అందుకోని పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడి నిపుణుల పరీక్షకు పంపుతాం. ఆ పట్టిక చూశాకే వచ్చే ఏడాది కొనసాగించాలా వద్దా అన్నది నిర్ణయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ప్రైమరీ ఇన్‌ఛార్జి"

ఈ ఉత్తరంలో చట్టం ఒక్క పేరాలోనే ఉంది, బెదిరింపు లేదు. చట్టాన్ని ఉల్లంఘిస్తే జరిమానాలు ఉన్న మాట నిజమే. మొదటి ఉత్తరంలో వాటిని ఎత్తితే మాట లాయర్ల చేతికి వెళ్లిపోతుంది. నిర్ణయాన్ని యాజమాన్యం చేతిలోనే ఉంచి, గడువు పెట్టడం వల్ల "సరే, సంక్రాంతి దాకా చూద్దాం" అనడానికి వాళ్లకు దారి దొరుకుతుంది.

పట్టిక ఎలా చదవాలి

మాట ఇచ్చిన ప్రగతి పట్టికను ఒక పాప ఉదాహరణతో చూద్దాం. దసరా తర్వాత మొదటి వారంలో మూడో తరగతి పాప నిమిషానికి 34 అక్షరాలు సరిగ్గా చదివింది. వారానికి మూడు అక్షరాలు పెరగాలని పెట్టుకుంటే పన్నెండు వారాలకు లక్ష్యం 70. గీత కాగితం మీద 34 నుంచి 70కి ఒక గీత గీసి, వారం వారం పాప చదివిన అంకెను చుక్కగా పెట్టాలి. గీత ప్రకారం నాలుగు వారాల్లో 37, 40, 43, 46 రావాలి. పాపకు వచ్చినవి 36, 35, 37, 38. వరసగా నాలుగు చుక్కలు గీత కింద పడితే పిల్లను నిందించకుండా పాఠం మార్చాలన్నది ఈ పద్ధతిలో నియమం. తప్పుల కాగితం తీసి చూస్తే సగం తప్పులు ఒత్తుల దగ్గర. టీచరు అప్పటిదాకా గుణింతం మీద సమయం పెడుతున్నారు. రెండు వారాలు త, న, మ ఒత్తుల మీదే పని చేయించి, ఆ మాటలతోనే చిన్న వాక్యాలు చదివించాలి. తర్వాతి చుక్కలు పైకి లేస్తే కారణం దొరికినట్టే. లేవకపోతే బృందాన్ని తగ్గించడమో, నిపుణుల దగ్గరికి పంపడమో చేయాలి. పన్నెండు వారాలు ఆగి "మెరుగుపడలేదు" అని రాయడం కంటే నాలుగో వారంలోనే దారి మార్చుకోవడం ఈ చుక్కల ప్రయోజనం.

గది ఎక్కడ చెడుతుంది

మొదలైన రిసోర్స్ రూములు మూతపడేది చాలావరకు డబ్బు లేక కాదు, పని మారిపోయి. అల్లరి చేసే పిల్లలను "కాసేపు అక్కడ కూర్చోపెట్టండి" అని పంపడం మొదలవుతుంది. స్లిప్ టెస్టుల ముందు హోంవర్కు పూర్తి చేయించే గది అవుతుంది. పరీక్షల్లో ప్రశ్నపత్రాలు దాచే గది అవుతుంది. టీచరు సెలవు పెట్టినప్పుడల్లా స్పెషల్ ఎడ్యుకేటర్‌కు సబ్‌స్టిట్యూషన్ పడుతుంది. వీటిని పసిగట్టడానికి రెండు చోట్ల చూడాలి. గది రిజిస్టరులో ఒక బృందానికి ఒక నెలలో జరిగిన పీరియడ్లు లెక్కపెట్టండి. పదహారు జరగాల్సిన చోట తొమ్మిదే జరిగితే గది కాగితం మీదే ఉన్నట్టు. పిల్లల నోటుపుస్తకం తెరవండి. తరగతిలో బోర్డు మీద రాసినదే అందులోనూ కనిపిస్తే, బోధన ఆగి ట్యూషన్ మొదలైనట్టు.

బయటికి వచ్చే దారి లేకపోవడం ఇంకా లోతైన లోపం. రెండో తరగతిలో వెళ్లిన పిల్లవాడు ఐదో తరగతిలోనూ అక్కడే ఉంటే, వాడు తన తరగతికి చెందనివాడనే అందరూ అనుకుంటారు. "వాడు రిసోర్స్ రూమ్ వాడు, మార్కులు మీరే చూసుకోండి" అని క్లాస్ టీచరు చేతులు దులుపుకునేది అప్పుడే. డన్ విమర్శించిన ప్రత్యేక తరగతి కొత్త పేరుతో తిరిగి వచ్చినట్టవుతుంది. ప్రతి పన్నెండు వారాలకూ క్లాస్ టీచరు, స్పెషల్ ఎడ్యుకేటర్, తల్లిదండ్రులు కూర్చుని కొనసాగింపో ముగింపో సంతకం చేసి తేల్చాలి. సంతకం లేకపోతే ముగిసినట్టే అని నియమం ఉంటే పేర్లు అలవాటుగా కొనసాగవు.

పిల్లల మధ్య పడే ముద్ర గురించి యాజమాన్యాలు చెప్పే భయం ఉత్తుత్తిది కాదు. "స్లో బ్యాచ్" అనే మాట వారంలో పుడుతుంది. గది తలుపు మీద రిసోర్స్ రూమ్ అని రాయక్కర్లేదు. అందరు పిల్లలూ పుస్తకాలు తీసుకోవడానికి అక్కడికే వస్తే, ఎవరు ఎందుకు వస్తున్నారో విడిగా కనిపించదు. తల్లిదండ్రులకు చెప్పేటప్పుడు కూడా జబ్బు పేరుతో మొదలుపెట్టకూడదు. "అమ్మా, మీ పాప కథ వింటే చక్కగా చెబుతోంది, చదవడం దగ్గర ఒత్తులు వదిలేస్తోంది, పన్నెండు వారాలు విడిగా నేర్పి చూస్తాం" అంటే వాళ్లకు అర్థమవుతుంది, అంగీకారమూ దొరుకుతుంది.

బేరం ఎక్కడ ఆపాలి

ఏ యాజమాన్యమూ అడిగినవన్నీ ఒకేసారి ఇవ్వదు. టీచరు బేరమాడాల్సి వస్తుంది. అప్పుడు మూడు కోరికల్లో దేన్ని వదలాలో ముందే తేల్చుకోవాలి. ఇంతవరకు చూసిన పరిశోధన, చట్టం, బడుల అనుభవం ఒకే వైపు చూపిస్తున్నాయి. గది ఇవ్వలేమంటే ఒప్పుకోవచ్చు. లైబ్రరీ మూలలోనో, వరండా చివరో ఒక బల్ల వేసుకుని ముగ్గురు పిల్లలకు వారానికి నాలుగు పీరియడ్లు చెప్పవచ్చు. పీరియడ్లు నాలుగు కాదు మూడే అంటే గడువు పెంచుకుని ఒప్పుకోవచ్చు. గది ఇస్తాం, రంగులు వేయిస్తాం, ప్రారంభోత్సవం చేస్తాం, శిక్షణ ఉన్న టీచరును మాత్రం ఇప్పుడే ఇవ్వలేం అంటే, ఆ గది వద్దని మర్యాదగా చెప్పి, ఉత్తరాన్ని వెనక్కి తీసుకోకుండా, వచ్చే టైంటేబుల్ వేళకు మళ్లీ పెట్టడం మంచిది. టీచరు లేకుండా ఒకసారి తెరిచిన గది ఫలితం చూపలేదంటే, ఆ బడిలో మరో ఐదేళ్లు ఎవరు అడిగినా "అది మేం చేసి చూశాం" అనే జవాబే వస్తుంది.